తక్కువ పిక్సెళ్ల మూల ముఖం: మార్పిడికి ముందు ఏ పునరుద్ధరణను ఎంచుకోవాలి, ఎక్కడ ఆగాలి

ముఖ మార్పిడికి దొరికిన ఫోటో చిన్నదిగా, మసకగా ఉంటే దాన్ని ముందుగా ఒక పునరుద్ధరణ మోడల్‌కు ఇచ్చి పదును పెట్టించడం చాలామందికి అలవాటైపోయింది. తెర మీద చూడగానే ఫలితం బాగుందనిపిస్తుంది. కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తాయి, కళ్లలో మెరుపు వస్తుంది, చర్మం తేటపడుతుంది. అదే ఫోటోను ఆ మనిషి భార్యకో అక్కకో చూపిస్తే మాత్రం, కాసేపు తేరిపార చూసి, "ఈయన వాళ్ల పినతండ్రి కొడుకులా ఉన్నాడే" అంటారు. ముఖం స్పష్టమైంది కానీ మనిషి మారిపోయాడు. ఏ పద్ధతి ఎంతవరకు పనికొస్తుందో, ఏ దశలో అసలు ముట్టుకోకుండా వదిలేయడమే మేలో ఇక్కడ ఒక ఉదాహరణ పట్టుకుని చూద్దాం.

ఉదాహరణ ఇది. ఒక లఘుచిత్రంలో యాభై దాటిన నటుడు ఉన్నాడు. గతాన్ని చూపే సన్నివేశంలో ఆయన ఇరవై ఏళ్ల ముఖం కావాలి. ఆ సన్నివేశంలో ఒక యువకుడు నటించాడు, ఆ యువకుడి ముఖం స్థానంలో పెద్దాయన పాత ముఖాన్ని పెట్టాలి. ఇద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు లేని పనికి ఈ సలహా వర్తించదు. చేతిలో ఉన్నది కళాశాల బృంద ఫోటో, అదీ ఎవరో ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపిన నకలు. దానితోపాటు గడ్డం మీద కళాశాల ముద్ర పడిన ఒక గుర్తింపు కార్డు ఫోటో, బంధువుల పెళ్లి వీడియో క్యాసెట్ ఉన్నాయి.

మార్పిడి మోడల్ మూల ఫోటో నుంచి ఏం తీసుకుంటుంది

ఎంపిక ఇక్కడి నుంచే మొదలుకావాలి. చాలా పనిముట్ల లోపల పనిచేసే `inswapper_128` మోడల్‌ను తీసుకుందాం. అది మూల ఫోటోలోని పిక్సెళ్లను నేరుగా లక్ష్య ముఖం మీద అతికించదు. మూల ముఖాన్ని ముందుగా ఆర్క్‌ఫేస్ తరహా గుర్తింపు మోడల్‌కు పంపి, 512 అంకెల వరుసగా మారుస్తుంది. లక్ష్య ముఖాన్ని తిరిగి గీసేటప్పుడు మూలం వైపు నుంచి దానికి అందేది ఆ వరుస మాత్రమే. ఆ గుర్తింపు మోడల్ కూడా ముఖాన్ని 112 × 112 పిక్సెళ్ల చతురస్రంలోకి సరిచేసుకుని చూస్తుంది. ఆ చతురస్రంలో రెండు కళ్ల మధ్య దూరం సుమారు 35 పిక్సెళ్లు, కళ్ల వరుస నుంచి నోటి మూలల వరకు సుమారు 41 పిక్సెళ్లు.

దీన్నిబట్టి రెండు సంగతులు తేలతాయి. మొదటిది, మూల ఫోటోలో కళ్ల మధ్య దూరం ఇప్పటికే 35 పిక్సెళ్లు దాటి, ముఖం ఓ మోస్తరు స్పష్టంగా ఉంటే, పిక్సెళ్లు పెంచినందువల్ల ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే పెంచినవన్నీ మోడల్ మళ్లీ కుదించేస్తుంది. రెండవది, పుట్టుమచ్చ, చిన్న గాటు, చర్మపు గరుకు వంటివి ఆ 512 అంకెల్లో నమ్మదగిన రీతిలో నిలవవు. మూల ఫోటోలో చెంప మీద పుట్టుమచ్చను ఎంత కష్టపడి తేటపరిచినా అది ఫలితంలోకి రాదు. దాన్ని చివరలో, వీడియో కూర్పులో, విడిగా గీసి ముఖంతోపాటు కదిలేలా అమర్చుకోవలసిందే. కాబట్టి ఇలాంటి మోడల్‌కు ముందు చేసే పునరుద్ధరణ లాభమా నష్టమా అన్నది ఆ అంకెల వరుస అసలు మనిషికి దగ్గరైందా, దూరమైందా అన్న ఒక్కదాని మీదే తేలుతుంది. తెర మీది అందానికి ఇందులో పాత్ర లేదు.

డీప్‌ఫేస్‌ల్యాబ్ వంటి, ఒక్కో వ్యక్తికి విడిగా శిక్షణ ఇచ్చే పద్ధతిలో లెక్క వేరు. అక్కడ మోడల్ మూల ముఖపు పిక్సెళ్లనే చూసి నేర్చుకుంటుంది కనుక చర్మం, ముడతలు, మచ్చ అన్నీ లెక్కలోకి వస్తాయి. ఆ దారి పట్టేవారికి కావలసింది వందల వేల ఫ్రేములు. మన ఉదాహరణలో అన్ని లేవు కాబట్టి దాన్ని ఇక్కడితో వదిలేద్దాం.

ముందుగా కళ్ల దూరం కొలవాలి. ఏ ఫోటో ఎడిటర్‌లోనైనా రెండు కనుపాపల మీద మౌస్ పెట్టి స్థానాలు చదువుకోవచ్చు. లేదా ఇలా చేయవచ్చు:

```python
import cv2, numpy as np
from insightface.app import FaceAnalysis
app = FaceAnalysis(name="buffalo_l")
app.prepare(ctx_id=0, det_size=(640, 640))
face = app.get(cv2.imread("group.png"))[0]
print(np.linalg.norm(face.kps[0] - face.kps[1]))
```

ఫోటోలో పలువురు ఉంటే `[0]` అన్నది మనకు కావలసిన మనిషే అని నమ్మకం లేదు కనుక ముఖాన్ని ముందే కత్తిరించి, చుట్టూ కొంత జాగా వదిలి ఇవ్వడం మంచిది. తల పక్కకు తిరిగి ఉంటే కళ్ల దూరం ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. అప్పుడు కళ్ల నుంచి నోటి వరకు ఉన్న నిలువు దూరాన్ని 41తో పోల్చుకోవాలి.

సాఫ్ట్‌వేర్ కన్నా ముందు చూడవలసిన దారి

వాట్సాప్ నకలులో కళ్ల దూరం 20 పిక్సెళ్లు వచ్చిందనుకుందాం. ఏ మోడల్‌నైనా దించుకునే ముందు అసలు కాగితం ఫోటో ఎక్కడుందో వాకబు చేయాలి. బృంద ఫోటోలో ఒక్కో ముఖం ఎత్తు సుమారు ఒక సెంటీమీటర్ ఉంటే కళ్ల మధ్య దూరం దాదాపు 3.3 మిల్లీమీటర్లు అవుతుంది. దాన్ని 150 డీపీఐలో స్కాన్ చేస్తే వచ్చేది 20 పిక్సెళ్లు. 600 డీపీఐలో చేస్తే 78. అంటే మోడల్‌కు కావలసిన 35కు రెట్టింపు కన్నా ఎక్కువ, అదీ ఒక్క పిక్సెల్ కూడా కల్పించకుండా. మామూలు ఫోటో కాగితంలో ఉన్న వివరం 600 దాటాక పెద్దగా పెరగదు కాబట్టి 2400 డీపీఐ పెట్టి గొప్ప ఆశలు పెట్టుకోనక్కర్లేదు. కాగితం దొరక్కపోతే, కనీసం ఫోన్‌తో తీసినవారి దగ్గర మొదటి ఫైలు ఉందేమో అడిగి, దాన్ని వాట్సాప్‌లో ఫోటోగా కాక డాక్యుమెంట్‌గా పంపమనాలి. ఫోటోగా పంపితే అది కుదించి, జేపెగ్ గడులు వేసి పంపుతుంది.

ఫ్రేము కట్టి అద్దం వేసిన ఫోటోను అద్దం మీదుగానే తీసి పంపేవారు మన ఇళ్లలో ఎక్కువ. అద్దం మీది మెరుపు ఒక కన్ను మీద పడిందంటే ఏ పునరుద్ధరణా ఆ కన్నును నిజంగా వెనక్కి తేలేదు. ఫ్రేము విప్పి తీయించడమే దారి.

పునరుద్ధరణ మోడళ్లు మనిషిని ఎందుకు మారుస్తాయి

కాగితం దొరకలేదనే అనుకుని ముందుకు సాగుదాం. ముఖాల కోసమే తయారైన పునరుద్ధరణ మోడళ్లు 512 × 512 చతురస్రంలో పనిచేస్తాయి. ఆ చతురస్రంలో కళ్ల మధ్య దూరం సుమారు 126 పిక్సెళ్లు. మన ఫోటోలో ఉన్నది 20. అడ్డంగా ఆరు రెట్లకు పైగా, నిలువుగా మరో ఆరు రెట్లకు పైగా పెరగాలి. అంటే ఫలితంలోని నలభై పిక్సెళ్లకు ఒక్కటి మాత్రమే మన ఫోటో నుంచి వచ్చినట్టు లెక్క. మిగతా ముప్పై తొమ్మిదిటిని మోడల్ తాను నేర్చుకున్న ముఖాల నుంచి భర్తీ చేస్తుంది. ఈ మోడళ్లలో చాలావాటికి నేర్పింది ఎఫ్‌ఎఫ్‌హెచ్‌క్యూ అనే 70,000 ముఖాల సంగ్రహం మీద. దాన్ని ఎన్‌విడియా పరిశోధకులు ఫ్లికర్ నుంచి సేకరించారు. ఆ వెబ్‌సైట్‌లో ఎవరి ఫోటోలు ఎక్కువో ఆ పక్షపాతం సంగ్రహంలోకీ వచ్చిందని దాన్ని తయారుచేసినవారే చెప్పుకున్నారు.

దీని పర్యవసానం 2020లో అందరి కంటా పడింది. డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకుల పల్స్ అనే పద్ధతికి బరాక్ ఒబామా ముఖపు గడుల చిత్రాన్ని ఇస్తే, అది తెల్లజాతి మనిషి ముఖాన్ని తేటగా గీసి ఇచ్చింది. ఆ ముఖాన్ని తిరిగి కుదిస్తే ఇచ్చిన గడుల చిత్రానికి సరిపోయేలా వెతకడమే ఆ పద్ధతి పని. ఒక చిన్న చిత్రంలో అనేక పెద్ద ముఖాలు ఇముడుతాయి. వాటిలో ఏది అసలుదో ఆ చిన్న చిత్రం ఒక్కటే చెప్పలేదు.

తెలుగు ముఖాలతో పనిచేసేటప్పుడు ఈ లాగుడు ఎక్కడెక్కడ కనబడుతుందో ముందే తెలిసి ఉంటే పట్టుకోవడం తేలిక. ముక్కుపుడక మచ్చగానో, మెరిసే చర్మంగానో కరిగిపోతుంది. బొట్టు అంచులు చెదిరి పులిపిరిలా మారుతుంది, లేదా పూర్తిగా చెరిగిపోతుంది. పలచని మీసం పై పెదవి నీడగా మారుతుంది. కంటి రెప్ప మీది మడత, కనుబొమల మధ్య ఎడం, పెదవుల మందం కొద్దిగా జరుగుతాయి. ముక్కుపుడకా బొట్టూ పోతే వెంటనే తెలుస్తుంది, చేత్తో సరిచేసుకోవచ్చు. కనురెప్ప మడత, పెదవి మందం మారితే మాత్రం చూసేవారికి "ఏదో తేడాగా ఉంది" అనిపిస్తుంది కానీ ఎక్కడో చెప్పలేరు. గుర్తింపు మోడల్ ఇచ్చే అంకెలను ఎక్కువగా కదిలించేది కూడా ఈ రెండో రకమే.

అందుబాటులో ఉన్న దారులు

లాంక్జోస్ లేదా బైక్యూబిక్ పద్ధతిలో మామూలుగా పెంచడం మొదటిది. ఇది ఏదీ కల్పించదు. ముఖం మసకగానే ఉంటుంది, కానీ ఆ మసక ఆ మనిషిదే. గుర్తింపు మోడళ్లకు తక్కువ నాణ్యత ఫోటోలు కొంతవరకు అలవాటే కనుక, 25 పిక్సెళ్ల కళ్ల దూరం ఉన్న ఫోటోకు తరచుగా ఇదే గెలుస్తుంది. చూడ్డానికి పేలవంగా ఉంటుందని దీన్ని పరీక్షించకుండానే పక్కన పెట్టేయడం నేను ఎక్కువగా చూసిన పొరపాటు. మిగతా అన్నిటినీ తూచడానికి దీన్నే తూనికరాయిగా ఉంచుకోవాలి.

రెండవది ముఖాల కోసం ప్రత్యేకించనిది, రియల్-ఈఎస్‌ఆర్‌గాన్ వంటి సాధారణ మోడల్. ఇది జేపెగ్ గడులను, గ్రెయిన్‌ను బాగా తుడుస్తుంది, అంచులను నిలబెడుతుంది. ముఖం అంటే ఏమిటో దీనికి ప్రత్యేకంగా తెలియదు కనుక కొత్త కన్నును గీసే సాహసం తక్కువ. లోపం ఏమిటంటే చర్మం మైనపు పూత పూసినట్టు అవుతుంది. మన మోడల్ చర్మపు గరుకును ఎలాగూ తీసుకోదు కాబట్టి ఈ పనికి అది పెద్ద లోపం కాదు. వాడేటప్పుడు `--face_enhance` అనే మీట పెట్టకూడదు. అది పెడితే ముఖం వరకు జీఎఫ్‌పీగాన్‌కు అప్పగిస్తుంది, ఫలితం రియల్-ఈఎస్‌ఆర్‌గాన్‌దే అనుకుని పోల్చి మనం మోసపోతాం.

మూడవది జీఎఫ్‌పీగాన్. టెన్సెంట్ పరిశోధకులు 2021లో వెలువరించిన ఈ మోడల్ స్టైల్‌గాన్2 నేర్చుకున్న ముఖ జ్ఞానాన్ని వాడుకుంటుంది. దీని రూపాల మధ్య తేడాను తయారుచేసినవారే దాచకుండా రాశారు. 1.2 పదునైనది కానీ అందంగా అలంకరించినట్టు చేస్తుంది, 1.3 సహజంగా ఉంటుంది కానీ మనిషి గుర్తింపును కొద్దిగా మారుస్తుంది, 1.4 కొంత ఎక్కువ వివరంతో గుర్తింపును మెరుగ్గా నిలుపుతుంది. కాబట్టి దీన్ని వాడితే 1.4నే వాడాలి. ఇందులో మనిషి పోలికను ఎంతవరకు కాపాడాలో చెప్పే మీట లేదు. ఇచ్చింది పుచ్చుకోవడమో, దాన్ని అసలు ఫోటోతో కలపడమో చేయాలి.

నాలుగవది కోడ్‌ఫార్మర్, సింగపూర్‌లోని నాన్యాంగ్ సాంకేతిక విశ్వవిద్యాలయం నుంచి 2022లో వచ్చింది. ఇది ముఖాన్ని 1,024 నమూనాల నిఘంటువు నుంచి ఏరి కూర్చుతుంది. `-w` అనే విలువ 0 దగ్గర ఉంటే నిఘంటువును నమ్మి అందమైన ముఖాన్ని ఇస్తుంది, 1 దగ్గర ఉంటే ఇచ్చిన ఫోటోకు కట్టుబడుతుంది. మన అవసరం పోలిక కాబట్టి 0.8కు తగ్గకుండా మొదలుపెట్టాలి.

```
python inference_codeformer.py -w 0.9 --input_path crops
```

విలువ 1 పెడితే అసలు ఫోటోయే తిరిగి వస్తుందని అనుకోకూడదు. అప్పుడూ ముఖం నిఘంటువు గుండానే పోతుంది. మరీ చెడిన ఫోటోకు విలువ పెంచితే, ఫోటోలోని గడులు, మరకలు కూడా ముఖపు వివరాలుగా పదునెక్కి వస్తాయి. చెంప మీద అడ్డంగా ఒక గీత తేలిందంటే అది చాలాసార్లు జేపెగ్ గడి అంచే. అందుకని గడులను ముందుగా తేలికగా తుడిచి, ఆ తరువాతే కోడ్‌ఫార్మర్‌కు ఇవ్వాలి.

ఫోన్‌లో ఒక్క నొక్కుతో ముఖాన్ని తేటపరిచే యాప్‌ల గురించి ఎక్కువ చెప్పను. లోపల ఏ మోడల్ ఉందో, ఎంత బలంగా వాడుతుందో తెలియని దానితో పోలికను కాపాడటం కుదరదు. పైగా చాలావాటిలో చర్మాన్ని తెల్లబరచడం అడగకుండానే జరిగిపోతుంది.

పూర్తి ఫలితాన్ని తీసుకోవడానికి, వదిలేయడానికి మధ్య ఒక దారి ఉంది. మామూలుగా పెంచిన ఫోటోను అడుగున ఉంచి, పునరుద్ధరించిన దాన్ని పైపొరగా మూడో వంతు నుంచి సగం బలంతో కలపడం. రంగు, ముఖపు ఆకారం అసలు ఫోటో చేతిలోనే ఎక్కువగా ఉంటాయి, అంచులకు కొంత పదును వస్తుంది. ఈ కలపడం ఒక పరీక్షగానూ పనికొస్తుంది. కలిపినచోట కనురెప్పకు రెండు గీతలు, పెదవికి రెండు అంచులు కనిపిస్తే పునరుద్ధరణ ఆ భాగాన్ని పదును పెట్టలేదు, అక్కడి నుంచి జరిపేసిందని అర్థం. అలాంటి భాగాన్ని మాస్క్ వేసి పూర్తిగా అసలు ఫోటోకు వదిలేయాలి.

మారిందో లేదో తేల్చే పరీక్షలు

తొందరగా చేయగలిగే పరీక్ష, పునరుద్ధరించిన ముఖాన్ని తిరిగి అసలు పరిమాణానికి కుదించి రెంటినీ ఒకదాని మీద ఒకటి మార్చి మార్చి చూడటం. కనుపాప కదిలినా, నోటి మూల ఎగిరినా ఇక్కడే దొరికిపోతుంది. ఇందులో తప్పిన ఫలితాన్ని మరో మాట లేకుండా పారేయవచ్చు. కానీ ఇందులో నెగ్గినంత మాత్రాన ముఖం అసలు మనిషిదని చెప్పలేం. పల్స్ గీసిన ముఖం కుదింపులో సరిపోయేలా వెతికినదే కదా.

రెండవ పరీక్షకు రెండు వేర్వేరు మోడళ్లు కావాలి. ఒకే ఫోటోను జీఎఫ్‌పీగాన్‌కు, కోడ్‌ఫార్మర్‌కు ఇచ్చి ఫలితాలను పక్కపక్కన పెట్టాలి. రెండూ ఒకే రకంగా గీసిన భాగానికి ఫోటోలో ఏదో ఆధారం ఉండే అవకాశం ఎక్కువ. ఒకటి రెప్ప మీద మడత పెట్టి, మరొకటి పెట్టకపోతే ఆ మడత ఫోటోలో లేదు. రెండూ ఒకే సంగ్రహం మీద నేర్చుకున్నవి కావచ్చు కనుక, ఒకే దిక్కుగా తప్పు చేసే ప్రమాదం దీనితో పూర్తిగా పోదు.

అసలు తీర్పు మూడవ పరీక్షదే. అదే మనిషి స్పష్టమైన ఫోటోలు, పునరుద్ధరణ మోడల్ ఎన్నడూ చూడనివి, కొన్ని తీసుకుని వాటి అంకెల వరుసలతో పోల్చి, రెండు వరుసలు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే సారూప్యం విలువను చూడాలి. ఇక్కడ ఎక్కువమంది పడే గోతి ఒకటుంది. పునరుద్ధరించిన ముఖాన్ని అది ఏ మసక ఫోటో నుంచి వచ్చిందో దానితోనే పోల్చి, సారూప్యం ఎక్కువ వచ్చిందని తృప్తిపడతారు. మసక ఫోటో ఇచ్చే వరుసే తప్పుదైనప్పుడు దానికి దగ్గరగా ఉండటం గొప్ప కాదు. పోల్చవలసింది స్పష్టమైన మరో ఫోటోతో, అదీ రెండు సార్లు: ముందు మామూలుగా పెంచిన ముఖాన్ని, తరువాత పునరుద్ధరించిన ముఖాన్ని. మాటవరసకు మొదటిది 0.38, రెండవది 0.44 వస్తే పునరుద్ధరణ మేలు చేసింది. రెండవది 0.31కి పడితే కంటికి ఎంత బాగున్నా దాన్ని వాడకూడదు. ఒక్క ఫోటోతో వచ్చిన చిన్న తేడాను నమ్మకుండా నాలుగైదు ఫోటోలతో చూసి, అన్నిటిలోనూ ఒకే దిక్కుకు కదిలిందా అని గమనించాలి.

ఈ పోలికను మార్పిడి మోడల్ వాడే గుర్తింపు మోడల్‌తో ఒకసారి, వేరే తరహా గుర్తింపు మోడల్‌తో మరోసారి చేయడం మేలు. తక్కువ నాణ్యత ఫోటోలను దృష్టిలో పెట్టుకుని 2022లో వచ్చిన అడాఫేస్ ఈ రెండో పాత్రకు బాగా సరిపోతుంది. రెండు మోడళ్లూ ఒకే మాట చెబితే నమ్మవచ్చు. చెప్పకపోతే మామూలుగా పెంచిన దానితోనే సరిపెట్టుకోవడం క్షేమం.

మనుషుల సాక్ష్యం అడిగేటప్పుడు "బాగుందా" అని అడగకూడదు. ముందు, తరువాత ఫోటోలను ఏది ఏదో చెప్పకుండా ఒకే పరిమాణంలో, చిన్నవిగా చూపించి, "వీటిలో ఏది ఎక్కువగా ఆయనలా ఉంది" అని అడగాలి. పెద్దవిగా చూపిస్తే జనం పదునుకు ఓటేస్తారు.

ఉదాహరణకు తిరిగి వస్తే

మన దగ్గర మూడు ఆధారాలున్నాయి, ఒక్కోదానికి ఒక్కో లోపం. బృంద ఫోటోలో కళ్ల దూరం 20. గుర్తింపు కార్డు ఫోటోలో 50, అంటే పిక్సెళ్లకు కొదవ లేదు, కానీ ముద్ర సిరా కింది పెదవి మీదుగా గడ్డం వరకు పాకింది. ఆ ముద్రను ఎడిటర్‌లో చెరిపి కింది పెదవిని నింపించుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. నింపిన పెదవి ఎవరిదో తెలియదు కనుక ఆ పని చేయను. సిరా నీలిరంగుదైతే నీలి సిరా అంతగా కనబడని రంగు ఛానెల్‌ను విడదీసి, దాన్నే నలుపు తెలుపు ఫోటోగా వాడితే ముద్ర చాలావరకు పలచబడుతుంది, కింద ఉన్న అసలు పెదవి బయటపడుతుంది. నీలి సిరాకు నీలి ఛానెల్ ఆ పని చేస్తుంది. పెళ్లి వీడియోలో ఆయన కొన్ని సెకన్లు కెమెరా వైపు చూశాడు. క్యాసెట్ నుంచి తీసిన ఫ్రేముల్లో అడ్డగీతలు పళ్ల దువ్వెనలా లేస్తాయి కాబట్టి ముందుగా డీఇంటర్లేస్ చేసి, తల నిటారుగా, కళ్లు తెరిచి ఉన్న కొన్ని ఫ్రేములను ఏరుకోవాలి.

ఇక ఒక్క ఫోటోను ఎంచుకుని దాన్ని అందంగా చేయాలనే ఆలోచన మానుకోవచ్చు. అంకెల వరుసలను సగటు తీయవచ్చు. ఒక ఫోటోలోని గడులు, మరొకదాని ముద్ర, ఇంకొకదాని మసక వేటికవే వేర్వేరు దిక్కులకు లాగుతాయి, మనిషి పోలిక మాత్రం అన్నిటిలోనూ ఒకటే. సగటులో లోపాలు కొంత పరస్పరం కరిగి, ఉమ్మడి పోలిక మిగులుతుంది. కింది కోడ్‌లో `faces` అంటే ఒక్కో ఫోటోకు `app.get` ఇచ్చిన ఆయన ముఖాల జాబితా.

```python
e = sum(f.normed_embedding for f in faces)
source = faces[0]
source.embedding = e / np.linalg.norm(e)
```

ఈ `source`ను మార్పిడికి ఇస్తే మోడల్ ఆ సగటు వరుసనే చదువుకుంటుంది. సగటులో ఒకే వీడియో నుంచి ఇరవై ఫ్రేములు, మిగతావి ఒక్కొక్కటి పెడితే ఫలితం వీడియో వైపే మొగ్గుతుంది. ఒక్కో ఆధారానికి ముందు విడిగా సగటు తీసి, ఆ మూడింటినీ తరువాత కలపాలి. బృంద ఫోటోను సగటులో చేర్చే ముందు రియల్-ఈఎస్‌ఆర్‌గాన్‌తో గడులు తుడిచిన రూపం, కోడ్‌ఫార్మర్ 0.9 రూపం, మామూలుగా పెంచిన రూపం మూడింటినీ పరీక్షించి, గెలిచినదాన్నే చేర్చాలి.

పరీక్షకు కావలసిన స్పష్టమైన ఫోటోలు నటుడివి ఇప్పటివి. ముప్పై ఏళ్ల తేడా ఉంది కాబట్టి సారూప్యం విలువలు అన్నిటికీ తక్కువగానే వస్తాయి. ఆ విలువ ఎంత అన్నది పట్టించుకోకుండా, ఏ రూపానికి ఎక్కువ వచ్చిందన్న వరుసనే చూడాలి. వాటిలో నవ్వని, ముందుకు చూసే, కళ్లద్దాలు లేని ఫోటోలే తీసుకోవాలి, లేకపోతే పరీక్ష కొలిచేది పోలికనా, కళ్లద్దాలనా అన్నది తేలదు.

హద్దుల విషయంలో నా లెక్క ఇది. కళ్ల దూరం 35 దాటితే పునరుద్ధరణ జోలికి పోకుండా వెలుగు, రంగు, గడులు మాత్రమే సరిచేస్తాను. 15 నుంచి 35 మధ్య అయితే ప్రయత్నించి, మూడవ పరీక్షలో నెగ్గితేనే ఉంచుతాను. 15 కన్నా తక్కువైతే ఆ ఒక్క ఫోటో ఆధారంగా మార్పిడి చేయను. అక్కడ వచ్చే ముఖం ఎవరిదైనా కావచ్చు, అసలు మనిషిదని నిరూపించే దారి ఉండదు. కళ్లు, ముక్కు, నోటి స్థానాలను గుర్తించడమే ఆ పరిమాణంలో ఒకటి రెండు పిక్సెళ్లు తప్పుతుంది. 15లో రెండు తప్పితే ముఖం మొత్తం వాలిపోయినట్టే.

మార్పిడి తరువాత జరిగే రెండో లాగుడు

`inswapper_128` ఇచ్చే ముఖం 128 పిక్సెళ్లదే కాబట్టి, మార్పిడి అయ్యాక ఫలితానికి మళ్లీ ఒక పునరుద్ధరణ మోడల్ వేయడం దాదాపు అందరూ చేస్తారు. చాలా పనిముట్లలో అది ముందుగానే అమర్చి ఉంటుంది. ఇక్కడ జాగ్రత్త పడకపోతే ముందు పడ్డ శ్రమంతా వృథా అవుతుంది. మూలాన్ని జీఎఫ్‌పీగాన్‌తో పునరుద్ధరించి, ఫలితాన్నీ జీఎఫ్‌పీగాన్‌తోనే పునరుద్ధరిస్తే, ముఖం రెండుసార్లు ఒకే సగటు ముఖం వైపు నడుస్తుంది. అందుకే మూలం వైపు వీలైనంత తక్కువ, ఫలితం వైపు కొంచెం, అన్న పద్ధతి పాటించాలి. ఫలితం మీద కోడ్‌ఫార్మర్‌ను ఎక్కువ `-w`తో వేసి, దాన్ని సగం బలంతో కలిపితే చాలావరకు సరిపోతుంది. పైన చెప్పిన మూడవ పరీక్షను ఈ చివరి ఫ్రేముల మీద కూడా, ఆ మెరుగు వేయకముందు, వేశాక, విడివిడిగా చేయాలి. వీడియోలో ఒక్కో ఫ్రేమునూ విడిగా పునరుద్ధరిస్తారు కనుక కనుబొమలు, పళ్లు ఫ్రేము ఫ్రేముకూ మారుతూ మినుకుమినుకుమంటే బలాన్ని ఇంకా తగ్గించాలి.

లఘుచిత్రాన్ని డబ్బుకు ప్రదర్శించే ఆలోచన ఉంటే ఎంపిక మొత్తం మారిపోవచ్చు. జీఎఫ్‌పీగాన్ అపాచీ 2.0 లైసెన్సుతో వచ్చింది. కోడ్‌ఫార్మర్ లైసెన్సు వాణిజ్య వాడకాన్ని అనుమతించదు. ఇన్‌సైట్‌ఫేస్ వారు తయారుచేసి ఇచ్చిన మోడళ్లు, `inswapper_128`తో సహా, వాణిజ్యేతర పరిశోధనకే. అలాంటప్పుడు కోడ్‌ఫార్మర్ ఫలితం ఎంత మెరుగ్గా ఉన్నా ఆ పనికి అందుబాటులో లేనట్టే. మార్పిడి మోడల్‌కు కూడా విడిగా అనుమతి తెచ్చుకోవాలి, లేదా యువ నటుడికి మేకప్, విగ్గుతో సన్నివేశాన్ని దూరపు షాట్లలో నడిపించే ఆలోచనను దర్శకుడి ముందు షూటింగ్‌కు ముందే పెట్టాలి.